నిదానపు పోర్చుగీసు పాఠాలు: బ్రెజిల్‌వా, పోర్చుగల్‌వా?

స్పానిష్ కాస్త వచ్చినవారికి కాగితం మీది పోర్చుగీసు చాలావరకు అర్థమవుతుంది. చిక్కంతా చెవితోనే. అందుకే నిదానంగా చదివి, వివరణ కూడా జోడించిన పాఠాలు ఎవరినైనా తయారు చేసిమ్మని అడిగేటప్పుడు ఏ దేశపు గొంతు కావాలో ముందే చెప్పాలి.

బ్రెజిల్‌వారు అచ్చులను విప్పి పలుకుతారు. స్పానిష్ 'నోచె' (రాత్రి) అక్కడ చాలాచోట్ల 'నోయ్‌చి'. లిస్బన్‌లో చివరి అచ్చును దాదాపు మింగేసి 'నోయ్‌త్' అంటారు. మరీ నిదానంగా చదివితే మింగిన అచ్చులు తిరిగొస్తాయి. పాఠం తెలిసినా వీధిలో మాట అందదు. కాబట్టి పోర్చుగల్ పాఠాన్ని మామూలు వేగంలోనూ చదివించమనాలి, మాయమయ్యే అచ్చులకు వివరణలో గుర్తు పెట్టమనాలి.

బ్రెజిల్ పాఠానికి అంత హంగామా అక్కర్లేదు. మోసపుచ్చే మాటల వివరణ మాత్రం రెండింటికీ కావాలి: స్పానిష్‌లో 'ఎక్స్‌కిసితో' అంటే కమ్మనిది, పోర్చుగీసులో 'ఎస్కిజీతు' అంటే వింతైనది. మొదటి నెలలకు నా ఓటు బ్రెజిల్‌కే, లిస్బన్ వెళ్లే పని లేకపోతే.