ఇంగ్లీష్ గ్రామర్ మెటీరియల్ కొనే ముందు ఈ రెండు వాక్యాలు చూడండి

డీఎస్సీకి చదువుతున్న మా చెల్లె కోసం పోయిన నెల నల్లగొండలో ఒక షాపులో ఇంగ్లీష్ గ్రామర్ మెటీరియల్ కొన్నాను. స్పైరల్ బైండింగ్, 380 రూపాయలు. వారం తర్వాత చెల్లె వాయిస్ చాప్టర్ పట్టుకొని వచ్చి, "అన్నా, ఇది సరిగ్గానే ఉందా?" అని అడిగింది. చూస్తే సరిగ్గా లేదు.

ప్యాసివ్ వాయిస్‌లోకి మార్చమన్న ప్రశ్న ఇది: "పీపుల్ సే దట్ హి లెఫ్ట్ ద విలేజ్." దానికి వాళ్ళిచ్చిన జవాబు "హి ఈజ్ సెడ్ టు లీవ్ ద విలేజ్."

తెలుగులో అనుకుంటే తప్పు వెంటనే దొరుకుతుంది. మనం "ఊరు విడిచి వెళ్ళిపోయాడట" అంటాం. చివరి "ట" జనం మాట అని చెప్తుంది, దాని ముందున్న "వెళ్ళిపోయాడు" పని ఎప్పుడో అయిపోయిందని చెప్తుంది. ఇంగ్లీషులో ఆ "ట" పని "ఈజ్ సెడ్" చేస్తుంది. పని జరిగిన కాలాన్ని "టు" తర్వాత వచ్చే మాటలోనే చూపించాలి. జనం అనేది ఇప్పుడు, అతను వెళ్ళింది అంతకుముందు. కాబట్టి "హి ఈజ్ సెడ్ టు హావ్ లెఫ్ట్ ద విలేజ్" అనాలి. "టు లీవ్" అని రాస్తే "విడిచి వెళ్తుంటాడట" అయిపోతుంది. ప్రశ్నలో "హాజ్ లెఫ్ట్" అని ఉన్నా జవాబు ఇదే, ఎందుకంటే "టు హావ్ లెఫ్ట్" రెండింటికీ సరిపోతుంది. "పీపుల్ సెడ్" అని ఉంటే మాత్రం "ఈజ్" పోయి "వాజ్" వస్తుంది.

రెండోది ఇంకా ఘోరం. "పీపుల్ బిలీవ్ దట్ షి ఈజ్ వర్కింగ్ ఇన్ హైదరాబాద్" అన్నదానికి "షి ఈజ్ బీయింగ్ బిలీవ్డ్ టు వర్క్" అని అచ్చేశారు. సాగుతున్నది ఆమె ఉద్యోగం, జనం నమ్మకం కాదు. ఆ ఐఎన్‌జీ పనిదగ్గరే ఉండాలి: "షి ఈజ్ బిలీవ్డ్ టు బి వర్కింగ్ ఇన్ హైదరాబాద్." మన "పనిచేస్తోందట"లో "చేస్తోంది" ఉన్నట్టే ఇక్కడ "బి వర్కింగ్" ఉంటుంది.

ఇది అచ్చుతప్పు అయ్యుంటే వదిలేసేవాడిని. ఆ పేజీలో ఇలాంటివి పన్నెండు ఉంటే, కాలం మారిన ప్రతిచోటా "టు" పక్కన ఉత్త క్రియే పెట్టారు. చెల్లె ఆ వారమంతా వాటినే బట్టీ పట్టింది, ఇప్పుడు చేతికి అలవాటైనది మాన్పించడానికి తంటాలు పడుతున్నాం. వాపసు అడిగితే "వాడిన పుస్తకం తీసుకోం సార్" అన్నారు.

మీరు కొనేటప్పుడు షాపులోనే వాయిస్ చాప్టర్ తీయండి. "పీపుల్ సే", "దే బిలీవ్"తో మొదలయ్యే ప్రశ్నలు చూడండి. ప్రశ్నలో పని అయిపోయి ఉండి కూడా జవాబులో "టు" తర్వాత "హావ్" లేకపోతే, ఆ పుస్తకం అక్కడే పెట్టేసి రండి.