ఎర్న్‌డ్ వాల్యూ షీటు: శాతం టైప్ చేయాలా, 50/50 సూత్రమా?

ఎర్న్‌డ్ వాల్యూ అంటే ఇప్పటికి పూర్తయిన పనికి బడ్జెట్ ప్రకారం వచ్చే విలువ. హనుమకొండలో ఒక ప్రహరీ గోడ అసైన్‌మెంట్ అనుకుందాం. పునాది లక్ష, పూర్తయింది. గోడ రెండు లక్షలు, సాగుతోంది. ప్లాస్టరింగ్ లక్ష, మొదలుకాలేదు. ఇప్పటికి ఖర్చు 2,10,000.

B బడ్జెట్, C పూర్తయిన శాతం, D మొదలైన తేదీ, E ముగిసిన తేదీ. కింద మొదటిది శాతం లెక్క, రెండోది 50/50: పని మొదలైతే సగం విలువ, ముగిస్తే మొత్తం.

```
=B2*C2
=B2*IF(E2<>"",1,IF(D2<>"",0.5,0))
```

ఫలితం: గోడ 60% అంటే మొత్తం విలువ 2,20,000, దాన్ని ఖర్చుతో భాగిస్తే వచ్చే CPI 1.05. 50/50లో 2,00,000, CPI 0.95. అదే గోడ ఒక లెక్కలో పొదుపు, మరో లెక్కలో అధిక ఖర్చు!

శ్రమ: శాతానికి ప్రతి వారం కొలత కావాలి. రెండోదానికి రెండు తేదీలు చాలు.

పొరపాటు: మామూలు సెల్‌లో 60% బదులు 60 కొడితే విలువ కోటి దాటుతుంది, మొత్తం బడ్జెట్‌ను మించితే అదే గుర్తు. 50/50లో ప్రణాళిక తేదీలు వేస్తే మొదలుకాని పని కూడా పూర్తయినట్టే.

గోడను చదరపు మీటర్లలో కొలవగలిగితే శాతమే మేలు. పనులు ఒకటి రెండు వారాల్లో ముగిసేవైతే, శాతం కేవలం ఊహైతే, 50/50. నెలల తరబడి సాగే పనికి అది పనికిరాదు. సగం దగ్గరే ఆగిపోతుంది.