ఫ్రెంచ్ పదాన్ని ‘లా’తో నేర్చుకోవాలా, ‘యూన్’తోనా?

ఫ్రెంచ్ మొదలుపెట్టిన కొద్ది వారాలకే అందరూ అడిగేది ఒకటే: పదాన్ని విడిగా నేర్చుకుని లింగం సంగతి తర్వాత చూసుకోవచ్చా, లేక ఆర్టికల్‌తో కలిపే బట్టీ పట్టాలా? నేను మొదటి దారి పట్టాను. నాలుగు నెలలు పోయాక మూడొందల పదాలు మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. కాబట్టి కలిపి నేర్చుకోవాలా వద్దా అన్న విషయంలో నాకు సందేహం లేదు. ఏ ఆర్టికల్‌తో కలపాలన్నదే అసలు ప్రశ్న: ఇంగ్లీష్ ‘ద’ లాంటి ‘ల’, ‘లా’తోనా, ‘ఎ’ లాంటి ‘అఁ’, ‘యూన్’తోనా? రెండు జతల్లోనూ మొదటిది పుంలింగానికి, రెండోది స్త్రీలింగానికి.

విడిగా నేర్చుకోవడం మనకు ఎందుకు చెడుతుందో ఒక్క మాటలో చెప్తాను. తెలుగులో లింగం అర్థాన్ని పట్టుకుని వస్తుంది. మగవాడైతే ‘వచ్చాడు’, మిగతా అన్నిటికీ ‘వచ్చింది’. ఫ్రెంచ్‌లో మామూలు కుర్చీ ‘షేజ్’ స్త్రీలింగం, చేతుల కుర్చీ ‘ఫోతెయ్’ పుంలింగం. అర్థాన్ని నమ్ముకుంటే దారి దొరకదు. పైగా తప్పు ఒక్కచోట ఆగదు. బీరువా అంటే ‘ఆర్మ్వార్’, స్త్రీలింగం. దాన్ని పుంలింగం అనుకుని ‘పెద్ద తెల్ల బీరువా కొన్నాను, అది గదిలో ఉంది’ అని రాస్తే ఆర్టికల్ తప్పుతుంది, ‘పెద్ద’ తప్పుతుంది, ‘తెల్ల’ తప్పుతుంది, చివరికి ‘అది’ కూడా తప్పుతుంది. తెలియనిది ఒక్కటే, ఎర్ర గీతలు నాలుగు.

పదం చివరి శబ్దాన్ని బట్టి పట్టుకునే పద్ధతి కొంతవరకు పనికొస్తుంది. ‘సియోఁ’తో ముగిసే నాసియోఁ, స్తాసియోఁ లాంటివి దాదాపు అన్నీ స్త్రీలింగమే. ‘ఆజ్’తో ముగిసే వ్వాయాజ్, ఫ్రొమాజ్, గరాజ్ పుంలింగం. అయితే అదే ఆజ్‌తో ముగిసే ప్లాజ్, పాజ్, ఇమాజ్ స్త్రీలింగం. బీచి, పేజీ, బొమ్మ. మూడూ రోజూ వాడే మాటలే! తెలియని పదం ఎదురైనప్పుడు ఊహించడానికి ఈ సూత్రాలు బాగుంటాయి. మాట్లాడుతుండగా గుర్తు తెచ్చుకునేంత టైమ్ ఉండదు.

ఇక అసలు పోటీ. చాలా పుస్తకాలు ‘ల’, ‘లా’తోనే పదాల పట్టిక ఇస్తాయి. హల్లుతో మొదలయ్యే పదాలకు అది చాలు: ల లీవ్ర్, లా తాబ్ల్. చిక్కంతా అచ్చుతో మొదలయ్యేవాటితోనే. చెట్టు ‘ఆర్బ్ర్’ పుంలింగం, బడి ‘ఎకోల్’ స్త్రీలింగం. ‘ల’ అయినా ‘లా’ అయినా అచ్చు ముందు కుదించుకుపోయి లార్బ్ర్, లెకోల్ అవుతాయి. లింగం మాయం. వేరే మాటలు పట్టిస్తాయేమో అనుకుంటే అవీ అంతే. ఫ్రెంచ్‌లో ‘నా’ అనే మాట పుంలింగం ముందు ‘మోఁ’, స్త్రీలింగం ముందు ‘మా’. కానీ ‘నా బడి’ అనాలంటే స్త్రీలింగమైనా ‘మా’ రాదు, మొన్నెకోల్ అనాలి, మొన్నార్బ్ర్ లాగే. ‘ఈ చెట్టు’ సెతార్బ్ర్, ‘ఈ బడి’ సెతెకోల్. ‘అందమైన’ తగిలిస్తే బెలార్బ్ర్, బెలెకోల్. రాతలో తేడా ఉంటుంది, చెవికి ఏమీ తెలియదు. నేను ‘ఎకోల్’ పుంలింగమని చాలాకాలం అనుకోవడానికి కారణం ఈ ‘మొన్నెకోల్’ వినికిడే.

‘అఁ’, ‘యూన్’ పెట్టి చూడండి. అన్నార్బ్ర్, యూనెకోల్. అచ్చు ముందు కూడా రెండూ విడిగా వినిపిస్తాయి. నా ఓటు అందుకే వీటికి.

‘అఁ’, ‘యూన్’ సహజంగా అతకని చోట్లూ ఉన్నాయి. నీళ్లు ‘ఓ’, స్త్రీలింగం. మామూలుగా వినిపించేది ‘లో’, లేదా ‘కొన్ని నీళ్లు’ అనే అర్థంలో ‘దలో’. రెండిట్లోనూ లింగం దాక్కుంటుంది. డబ్బు ‘ఆర్జాఁ’ది కూడా ఇదే కథ, అది పుంలింగం. అలాంటివాటికి వెనక ఒక విశేషణం పెట్టి కార్డు రాసుకుంటాను. చల్లటి అనే మాట పుంలింగంలో ‘ఫ్రువా’, స్త్రీలింగంలో ‘ఫ్రువాద్’. ‘ఓ ఫ్రువాద్’ అని నాలుగుసార్లు పైకి అంటే చివరి ‘ద్’ నాలుకకు పట్టేస్తుంది. విశేషణం పదం వెనకే ఉండాలి, తేడా చెవికి వినిపించాలి. ముందుకొచ్చే ‘అందమైన’, ‘కొత్త’ లాంటివి ఇందుకు పనికిరావని పైనే చూశాం.

నీలం, గులాబీ రంగు పెన్నులతో రాసుకునేవాళ్లూ ఉన్నారు. కళ్లకు బాగానే ఉంటుంది, మాట్లాడేటప్పుడు రంగు గుర్తుకొచ్చినవాళ్లు నాకు తగల్లేదు.

ఇప్పటికే ‘ల’, ‘లా’తో వందల పదాలు నేర్చేసినవాళ్లు అన్నీ తిరగరాయక్కర్లేదు. పట్టికలో అచ్చుతో మొదలయ్యేవి మాత్రం ఏరండి. పలకని ‘హెచ్’తో మొదలయ్యే ‘ఓతెల్’, ‘ఇస్త్వార్’ లాంటివీ వాటిలోకే వస్తాయి. మొదటిది అన్నోతెల్, రెండోది యూనిస్త్వార్. నా మూడొందల్లో అలాంటివి అరవై దాటలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పని.