రొయ్యల ప్లాంట్‌లో ఫింగర్‌ప్రింట్ హాజరు మెషిన్: మూడో ఏడు వాడుతూ రాస్తున్న సమీక్ష

విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక ప్లాంట్‌లో టైమ్ ఆఫీస్ చూస్తాను. మా మెషిన్‌లో వేలిముద్ర, పిన్ రెండూ ఉన్నాయి. బాగానే పనిచేస్తోంది. చిక్కంతా పిన్‌తోనే.

పీలింగ్ సెక్షన్‌లో రోజంతా చేతులు ఐసు నీళ్లలోనే ఉంటాయి. చర్మం ముడతలు పడుతుంది, గీతలు అరుగుతాయి. సాయంత్రం వేలు పెడితే మెషిన్ గుర్తుపట్టదు, వెనక క్యూ పెరుగుతుంది. అందుకే వాళ్లకు పిన్ ఇచ్చాం. పిన్ చెబితే ఒకరి బదులు ఇంకెవరైనా కొట్టొచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో 'అనుమానిత పంచ్‌లు' అనే రిపోర్ట్ ఉంది. పది సెకన్లలోపు పడిన రెండు పంచ్‌లను జతచేసి ఎర్రగా చూపిస్తుంది. మాకది దండగ. కంపెనీ బస్సు దిగినవాళ్లంతా వరసగా కొడతారు కాబట్టి రోజూ సగం షిఫ్ట్ ఎర్రబడుతుంది. పక్కపక్కన నిలబడడం నేరమా?

పనికొచ్చేది ముడి లాగ్. అందులో ప్రతి పంచ్ పక్కన అది వేలిదో పిన్‌దో ఉంటుంది. ఒకసారి భీమిలి వైపు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని 6:40కి వచ్చింది. ఆ బస్సులో వచ్చే ఒకామెకు మాత్రం 6:04కే పిన్ పంచ్ పడింది. దానికి ఆరు సెకన్ల ముందు, ప్లాంట్ దగ్గరే ఉండే ఆమె స్నేహితురాలి వేలిముద్ర. పాత లాగ్‌లో వెతికితే బస్సు ఆలస్యమైన మిగతా రోజుల్లోనూ అదే జత. స్నేహితురాలు సెలవు పెట్టిన రోజున మాత్రం ఈమె పంచ్ బస్సుతోపాటే పడింది. అప్పుడు గానీ పిలవలేదు. పిలిచినా "ఆ రోజు ఏ బస్సులో వచ్చారమ్మా?" అనే అడిగాం. "లేటైతే అరపూట కోస్తారు కదా మేడం" అంది. ఆ కోత కూడా మా తప్పుడు నియమమే, అది వేరే గొడవ.

అదే సెక్షన్‌లో ఇంకొకామెకు పిన్ పంచ్‌లు చాలా ఎక్కువ. ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ ఆమె పొద్దున పంచ్‌లు వేలితో, సాయంత్రానివి పిన్‌తో. అంటే వేళ్లు నానిపోవడమే కారణం. షిఫ్ట్‌కు ముందు పొడి చేతులతో, రెండు చేతుల బొటనవేళ్లూ మళ్లీ నమోదు చేయించాం. పిన్ వాడకం బాగా తగ్గింది.

లాగిన్ల విషయంలో మాత్రం మార్కులు తగ్గిస్తాను. లాగిన్‌కింత అని డబ్బు తీసుకుంటారు కాబట్టి సూపర్‌వైజర్లు ఒకరి పేరు మీదున్న ఒక్కదాన్నే పంచుకున్నారు. మిస్సైన పంచ్‌ను ఎవరు సరిచేశారో తెలియదు. ఐపీ అడ్రస్ చూద్దామంటే, మొబైల్ డేటాలో చాలామందికి బయటికి ఒకటే కనిపిస్తుంది, దాన్నిబట్టి ఎవర్నీ అనలేం. డ్యూటీలో లేని సూపర్‌వైజర్ పేరుతో రాత్రి రెండింటికి సవరణ కనిపిస్తే మాత్రం అడగాల్సిందే. ఇంకో రెండు లాగిన్లు కొన్నాక అదీ ఆగింది.

కొనేముందు అమ్మేవాళ్లను ఒకటి అడగండి: ముడి లాగ్‌ను వేలు, పిన్ తేడాతో సహా ఎక్సెల్‌లోకి దించుకోవచ్చా? కుదరదంటే ఆ మెషిన్ వద్దు.