బరంపురంలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? చార్జర్ వాట్లు చూసి మోసపోకండి

మాది రాయగడ. వ్యాపారులకు లెక్కలు రాసిపెట్టడం నా పని. మునిగుడ, గుణుపురం వెళ్లి దుకాణాల్లోనే కూర్చుని రాస్తాను. అక్కడ మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే బ్యాటరీ బాగా నిలిచే ల్యాప్‌టాప్ కావాలని బరంపురం వెళ్లి, ఒక షాపులో పాతది 18,500కు తీసుకున్నాను. "65 వాట్ల చార్జర్ బాబూ, ఎనిమిది గంటలకు ఢోకా లేదు" అన్నాడు షాపాయన. నమ్మేశాను.

మొదటి వారమే మునిగుడలో, జీఎస్టీ పద్దు సగంలో ఉండగా, మూడు గంటలైనా నిండకుండా ఆగిపోయింది. తిరిగి వెళ్లి అడిగితే, "చార్జర్ చిన్నదైపోయింది, 90 వాట్లది పెట్టండి, బ్యాటరీ ఇంకా నిండుతుంది" అని ఇంకో 1,800 లాగాడు. అసలు మోసం ఇక్కడే జరిగింది.

చార్జర్ మీద రాసే వాట్లు అది ఎంతవరకు ఇవ్వగలదో చెప్తాయి, అంతే. నా దాని మీద 19.5V, 3.33A అని ఉంది, గుణిస్తే 65. బ్యాటరీలో ఎంత పడుతుందన్నది వేరే లెక్క, దాన్ని వాట్-అవర్లలో చెప్తారు. నా బ్యాటరీ మీద 11.4V, 3600mAh, 41Wh అని ఉంది. కుళాయి పెద్దదైనంత మాత్రాన బిందె పెద్దదైపోదు కదా. 90 వాట్లది పెట్టినా ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. వోల్టేజీ, పిన్ను సరిపోతే దానివల్ల నష్టమేమీ లేదు, కానీ బ్యాకప్ ఒక్క నిమిషం కూడా పెరగదు.

మా బావ ఇంకో రకంగా పొరపడ్డాడు. 41ని 65తో భాగించి, "నీకొచ్చేది 38 నిమిషాలే" అన్నాడు. అదీ తప్పే. భాగించాల్సింది చార్జర్ వాట్లతో కాదు, పని చేస్తున్నప్పుడు ల్యాప్‌టాప్ సగటున తాగే వాట్లతో. అది తెలుసుకోవడానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

ఒక html ఫైలు తయారవుతుంది, ఎక్కడ పెట్టిందో ఆ కిటికీలోనే చూపిస్తుంది. నా దాంట్లో DESIGN CAPACITY 41,040 mWh, FULL CHARGE CAPACITY 28,730 mWh. అంటే కొత్తలో పట్టినదాంట్లో 70 శాతమే ఇప్పుడు పడుతోంది. 90 వాట్ల చార్జర్‌తో రాత్రంతా పెట్టి మళ్లీ చూశాను. అదే అంకె!

తర్వాత చార్జర్ పీకేసి, మామూలుగా పని చేశాను: ఫుల్ బ్రైట్‌నెస్, ఫోన్ హాట్‌స్పాట్, లెక్కల సాఫ్ట్‌వేర్, బ్రౌజర్. రిపోర్టులో Recent usage కింద 10:05కి 28,730, 11:20కి 16,480 ఉంది. గంటంబావులో 12,250 ఖర్చయింది, అంటే గంటకు 9,800. వెయ్యి mWh అంటే ఒక వాట్-అవర్ కాబట్టి, సగటున 9.8 వాట్లు. చివరి ఆరు శాతం దగ్గర అది ఎలాగూ ఆగిపోతుంది కాబట్టి నాకు దక్కేది 27 వాట్-అవర్లు. 27 ÷ 9.8 = రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. మునిగుడలో జరిగింది సరిగ్గా ఇదే.

ఇంకో సంగతి చూడండి. బ్యాటరీ సరికొత్తదైనా, నా వాడకానికి నాలుగు గంటలే వచ్చేది. ఎనిమిది రావాలంటే సగటు ఖర్చు అయిదు వాట్లలోపు ఉండాలి. స్క్రీన్ మసక చేసి, నెట్ తీసేసి ఊరికే చదువుకుంటే వస్తుందేమో గానీ లెక్కలు రాసేవాడికి రాదు. బ్రైట్‌నెస్ 40కి దించి, అవసరం లేనప్పుడు హాట్‌స్పాట్ ఆపేస్తే నాకు ఖర్చు 7.2కి దిగింది, మూడు గంటల ముప్పావు వస్తోంది. పైసా ఖర్చు లేకుండా గంట కలిసొచ్చింది, 1,800 పోసినా రాలేదు.

కొనేటప్పుడు షాపులోనే ఆ రిపోర్టు తీయించండి. ఒక్క జాగ్రత్త: డూప్లికేట్ బ్యాటరీ వేసి ఉంటే రెండు కెపాసిటీలూ సమానంగా, బ్యాటరీ ఎన్నిసార్లు చార్జయిందో చెప్పే CYCLE COUNT ఖాళీగానో సున్నాగానో కనిపించొచ్చు. CYCLE COUNT కొన్ని అసలు బ్యాటరీలకూ కనిపించదు, కాబట్టి దాని మీదే తీర్పు చెప్పేయకండి. చార్జర్ తీసి, బ్రైట్‌నెస్ పెంచి, ఒక అరగంట వీడియో ఆడించి, ఎంత శాతం తగ్గిందో మీ కళ్లతో చూడండి. అరగంటలో 25 శాతం దిగిపోతే రెండు గంటలే దాని ఆయుష్షు. "ఏటండీ, అంతసేపు కూర్చుంటారా" అని షాపాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. టీ తాగి కూర్చోండి.

నా 90 వాట్ల చార్జర్ వెనక్కి తీసుకోనన్నాడు. ఎవరికైనా 19.5 వోల్టులది కావాలంటే చెప్పండి, సగం ధరకే ఇచ్చేస్తాను.