ఆప్తాల్, ఈఎన్‌టీ బొమ్మల కార్డులు: 14 నెలలు వాడాక

ఆప్తాల్, ఈఎన్‌టీ పోస్టింగుల్లో ఉన్నప్పుడు ఫ్లాష్‌కార్డుల యాప్ Anki లో సొంతంగా బొమ్మల డెక్ ఒకటి మొదలుపెట్టాను. ఫైనల్ పరీక్షలు దాటి పీజీ ఎంట్రన్స్ చదువు దాకా, 14 నెలలు అదే వాడుతున్నాను. మొదట 340 కార్డులు ఉండేవి, ఇప్పుడు 210. పోయిన 130 ఎందుకు పోయాయో చెబితే డెక్ సంగతి దాదాపు చెప్పినట్టే.

మొదట్లో జబ్బుకి ఒక ఫొటో చొప్పున పెట్టుకున్నాను. రోజుకి 40 కార్డులు, పావుగంటలో అయిపోయేవి, అన్నీ రైటే. ఒకరోజు హాస్టల్లో రూమ్మేట్ వేరే పుస్తకం తెరిచి ఫంగల్ కార్నియల్ అల్సర్ ఫొటో చూపిస్తే నోరు పెగల్లేదు. అప్పుడు తెలిసింది, నేను గుర్తుపడుతున్నది పుండుని కాదు, నా కార్డు మూలన పడిన ఫ్లాష్ మెరుపుని.

ఆ రోజు నుంచి జబ్బుకి కనీసం మూడు ఫొటోలు పెట్టాను. దానికన్నా పనిచేసింది మరొకటి: పోలికలున్న రెండు జబ్బుల్ని ఒకే కార్డులో పక్కపక్కన పెట్టి, పేరు అడక్కుండా "తేడా ఎక్కడ?" అని అడగడం. అల్సర్ కార్డే చూడండి. ఎడమ పక్క బ్యాక్టీరియల్ అల్సర్, తడిగా, చీము పట్టినట్టు ఉంటుంది. కుడి పక్క ఫంగల్, పొడిగా, బూడిద తెలుపులో, అంచులు ఈకల్లా చీలి, చుట్టూ చిన్న చిన్న శాటిలైట్ మచ్చలతో ఉంటుంది. రెండింటిలోనూ కింద హైపోపియాన్ ఉండొచ్చు కాబట్టి దాన్ని చూసి తేల్చేయకూడదు. ఫొటో కింద ఒక్క లైను హిస్టరీ రాశాను: "వరి కోతల్లో ఆకు కొట్టింది, పది రోజులైంది, పుండు చూస్తే పెద్దది, బాధ మాత్రం అంత లేదు." మన ఊళ్ళ ఓపీలో ఆ ఒక్క లైనే సగం జవాబు. కార్డు వెనక మాత్రం పేరు కంటే ముందు "స్క్రేపింగ్ తీసి గ్రామ్ స్టెయిన్, KOH మౌంట్, స్టెరాయిడ్ చుక్కలు వద్దు" అని ఉంటుంది. ముదిరిన పుండుని కంటితో చూసి ఏదని కచ్చితంగా చెప్పలేం. ఆ సంగతి కార్డు గుర్తు చెయ్యకపోతే డెక్ మనల్ని మోసం చేస్తుంది.

చెవి ఫొటోల్లో నా తప్పు ఇంకా సిల్లీ. స్క్రీన్ మీద అందంగా కుదరాలని కొన్ని కర్ణభేరి బొమ్మల్ని అద్దంలోలా తిప్పేశాను. కోన్ ఆఫ్ లైట్ కుడి చెవిలో ఐదు గంటల దగ్గర, ఎడమ చెవిలో ఏడు గంటల దగ్గర ఉంటుంది. తిప్పితే చెవే మారిపోతుంది. రెండు నెలలు తప్పు చెవి బట్టీపట్టాను. ఆ కార్డులన్నీ తీసేసి, ఇప్పుడు ప్రతి ఫొటోలో ముందు ఏ చెవో చెప్పి, తర్వాతే పర్ఫరేషన్ పార్స్ టెన్సాలో మధ్యన ఉందా, పైన ఆటిక్‌లో ఉందా అని చూస్తాను. ఆటిక్‌లో ఉంటే కొలెస్టియటోమా అనుమానించాలి.

పరికరాల దగ్గర డెక్ బాగా దెబ్బతీసింది. ప్రాక్టికల్స్‌లో ట్రేలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టారు. పిడి, కొసన గిన్నె. "ఇవిసరేషన్ స్పూన్ సర్" అన్నాను ధైర్యంగా. అది కలేజియన్ స్కూప్. రెప్పలోని చిన్న గడ్డని గోకి తీసే స్కూప్‌కి గిన్నె బుల్లిది. కంటి గుడ్డు లోపలిదంతా తీసే స్పూన్‌కి పెద్దది. నా కార్డుల్లో రెండూ స్క్రీన్ నిండా ఒకే సైజులో ఉండేవి మరి! నేసల్ స్నేర్, టాన్సిల్ స్నేర్ దగ్గరా ఇదే గొడవ.

తర్వాత డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో ఉన్న పాత పరికరాలన్నిటికీ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి మళ్ళీ ఫొటోలు తీశాను. (ఓటీ ట్రేలో బిళ్ళ పెట్టబోతే సిస్టర్ చేత చివాట్లు తిన్నాను, సరిగ్గానే తిట్టారు.) జాయింటు, కొస విడివిడిగా దగ్గర్నుంచి తీశాను. ఫుల్లర్ ట్రకియాస్టమీ ట్యూబుకి బయటి గొట్టం రెండు రేకులుగా ఉంటుందని, నొక్కితే దగ్గరకొస్తాయని కార్డులో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. వేళ్ళతో ఒకసారి నొక్కి చూశాక మర్చిపోలేదు. అందుకే పరికరాల కార్డుల్ని చేత్తో పట్టుకున్నాకే చేసుకోండి.

కదలిక ఉన్నవాటికి, అంటే మెల్లకి చేసే కవర్ టెస్ట్, నిస్టాగ్మస్ లాంటివాటికి, ఈ డెక్ దండగ. ఫండస్ విషయంలోనూ సగమే నమ్మండి. ఫొటోలో డిస్కు, రక్తనాళాలు, మాక్యులా అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. డైరెక్ట్ ఆప్తాల్మోస్కోపులో కనిపించేది అందులో చిన్న ముక్కే. కార్డుల్లో పాపిలెడీమా అరసెకనులో చెప్పే నాకు, ఇంటర్న్‌షిప్ ఓపీలో చూసిన మొదటి పది కళ్ళలో అసలు డిస్కే దొరకలేదు.