నిచ్చెన టూల్‌బాక్స్ టాక్ పీడీఎఫ్ కొంటున్నారా? ముందు ఆ ఒక్క పేజీ చూపించమనండి

సైట్ సూపర్‌వైజర్లకు, చిన్న కాంట్రాక్టర్లకు ఒక హెచ్చరిక. "తెలుగులో 52 టూల్‌బాక్స్ టాక్‌లు, ఒక్కోటి ఐదే నిమిషాలు" అని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ 499 రూపాయలకి అమ్ముతున్నారు. నేను కొన్నాను. మిగతా 51 సంగతి నాకు తెలీదు, నిచ్చెన మీద ఉన్న స్క్రిప్టు మాత్రం మీ మేస్త్రీల ముందు చదవకండి. నేను చదివాను. మూడో రోజు మా మేస్త్రీ మణికట్టు విరిగింది.

మాది రెండంతస్తుల ఇంటి పని. మొదటి స్లాబు సరిగ్గా పదడుగుల ఎత్తు. సోమవారం పొద్దున్న అందర్నీ నిలబెట్టి ప్రింటు చూసి చదివాను. అందులో ఒక వాక్యం ఇది: "నిచ్చెన అడుగుభాగమును గోడ నుండి నాలుగు అడుగుల దూరములో ఉంచవలెను." ఒకటికి నాలుగు అనే లెక్క ఎక్కడో విన్న గుర్తు ఉంది కాబట్టి నాకూ అనుమానం రాలేదు. పైగా చివర్లో "విన్నారుగా, నాలుగడుగులు" అని మళ్ళీ నొక్కి చెప్పాను.

బుధవారం మేస్త్రీ పైకెక్కడానికి నిచ్చెన వేశాడు. ఇరవై ఏళ్లుగా కంటి అంచనాతో వేసే మనిషి. నేను చెప్పాను కాబట్టి కాళ్లు ఇంకాస్త వెనక్కి లాగి, టేపుతో కొలిచి మరీ నాలుగడుగుల దగ్గర పెట్టాడు. కింద నేల నున్నటి కాంక్రీటు, దాని మీద సిమెంటు దుమ్ము. నిచ్చెన కాళ్ల రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది. ఏడో మెట్టు మీదున్నప్పుడు కింది కాళ్లు బయటికి జారాయి. నిచ్చెనతో పాటే కిందికొచ్చాడు.

అసలు లెక్క నాలుగడుగులు కాదు. పైన నిచ్చెన ఎంత ఎత్తులో ఆనుతుందో, అందులో నాలుగో వంతు దూరం కింద ఉండాలి. పదడుగుల స్లాబుకి రెండున్నర అడుగులు. నాలుగడుగులు సరిపోయేది పదహారు అడుగుల ఎత్తుకే. పదడుగుల దగ్గర నాలుగడుగులు పెడితే నిచ్చెన బాగా పడుకుంటుంది, కాళ్లు జారతాయి. ఇరవై అడుగుల దగ్గర అదే నాలుగడుగులు పెడితే మరీ నిటారుగా నిలబడుతుంది, ఎక్కేవాడు కాస్త వెనక్కి వాలితే చాలు, పైభాగం గోడను వదిలేస్తుంది. అనువాదం చేసినవాళ్లు "నాలుగో వంతు"ని "నాలుగు అడుగులు" చేసేశారు, అంతే.

ఇంకో సంగతి నాకు ఈ దెబ్బతోనే అర్థమైంది. మొదటి మెట్ల మీద నిచ్చెన గట్టిగానే ఉన్నట్టు ఉంటుంది. మనిషి పైకి పోయేకొద్దీ కింది కాళ్లను బయటికి తోసే బలం పెరుగుతుంది. అందుకే రెండు మెట్లు ఎక్కి ఊపి చూసి "బానే ఉంది" అనుకోవడం పరీక్ష కాదు.

అదే స్క్రిప్టులో మిగతా గొడవలు కూడా చెప్తాను. "మూడు సంప్రదింపు బిందువులను నిర్వహించండి" అని ఉంది. చదువుతుంటే హెల్పర్లు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. అది చెప్పాల్సింది ఇలా: రెండు కాళ్లు ఒక చెయ్యి, లేకపోతే రెండు చేతులు ఒక కాలు, ఎప్పుడూ నిచ్చెనకి ఆని ఉండాలి. మాలు తట్ట నెత్తిన పెట్టుకుని ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఎక్కే హెల్పరుకి ఈ లెక్క ఎక్కడ కుదురుతుంది? కాలు ఎత్తినప్పుడల్లా రెండే మిగులుతాయి. మన సైట్లలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇదే, స్క్రిప్టులో దీని మాటే లేదు. "తేలికైన అల్యూమినియం నిచ్చెన ఉత్తమం" అని మాత్రం ఉంది, కరెంటు తీగల సంగతి లేకుండా. మా సైటు ముందే లైను పోతోంది. ఐదు నిమిషాలన్నది కూడా అబద్ధమే, నాకు పన్నెండు పట్టింది. ఆరో నిమిషానికే వెనకవాళ్లు ఫోన్లు తీశారు.

తర్వాత నేనే ఒకటి రాసుకున్నాను. నిచ్చెన గోడకి ఆనించి, చేసి చూపిస్తూ చెప్తాను. కాగితం చూడను. డబ్బులిచ్చి కొనక్కర్లేదు, వాడుకోండి:

"అన్నా, అందరూ ఇటు రండి. అమ్మా, ఆ తట్ట అక్కడే పెట్టేసి రా. ఈ రోజు నిచ్చెన ఒక్కటే మాట్లాడుకుందాం. ముందు కాళ్లు చూడండి. రబ్బరు ఉందా? మెట్టు ఏదైనా ఆడుతోందా? ఆడితే దానికి గుడ్డ కట్టి పక్కన పడేయండి, మేకు కొట్టి మళ్ళీ వాడొద్దు. కింద దుమ్ము ఊడ్చేయండి. కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు సర్దొద్దు.

ఇప్పుడు నిచ్చెన వాలు. టేపు అక్కర్లేదు. చూడండి, నా కాలివేళ్లు నిచ్చెన కాళ్లకి ఆనించాను. నిటారుగా నిలబడి చేతులు భుజాల ఎత్తులో ముందుకి చాపాను. అరచేతులు మెట్టుకి సరిగ్గా ఆనాయా? అయితే వాలు సరిపోయింది. చేతులు అందకపోతే నిచ్చెన మరీ పడుకున్నట్టు, కాళ్లు గోడ వైపు జరపాలి. చేతులు మడవాల్సి వస్తే మరీ నిటారుగా ఉన్నట్టు. తమ్ముడూ, నువ్వు రా, చేసి చూపించు.

పైన స్లాబు అంచు దాటి మూడు మెట్లు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోడానికి. నిచ్చెన రెండు పక్కలా కాలమ్ కడ్డీలకి తాడుతో కట్టాలి. కట్టేదాకా కింద ఒకరు పట్టుకోవాలి, అంతవరకు ఫోనూ లేదు, మాలు కోసం పిలిచినా కదలొద్దు. ఎక్కేటప్పుడు చేతిలో ఏమీ ఉండకూడదు. తాపీ, మట్టపలక, మాలు అన్నీ బకెట్లో పెట్టి తాడుతో పైకి లాగండి. చెప్పులకి మాలు అంటుకుంటే తుడుచుకుని ఎక్కండి. నిచ్చెన మీద నిలబడి ప్లాస్టరింగ్ చేయడం ఈ సైట్లో లేదు, దానికి పరంజా కడతాను. తీగల వైపు నిచ్చెన ఎత్తే ముందు నన్ను పిలవండి."

చేతులు చాపే పరీక్షతో కలిపి నాలుగున్నర నిమిషాలు పట్టింది. రోజూ ఒక్కరిని పిలిచి ఆ పరీక్ష చేయిస్తున్నాను. వెదురు నిచ్చెన మెట్ల మధ్య దూరాలు సమంగా ఉండవు కాబట్టి అరచేయి సరిగ్గా మెట్టు మీదే పడకపోవచ్చు, అప్పుడు పక్క కర్రని తాకమంటున్నాను.

అమ్మినతనికి ఆ వాక్యం ఫోటో తీసి పంపాను. "డిజిటల్ ఐటమ్ సార్, రీఫండ్ ఉండదు" అన్నాడు. డబ్బు వద్దు, తప్పు దిద్దు అన్నాను. బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. నిన్న కూడా అదే పీడీఎఫ్ ఇంకో గ్రూపులో కనిపించింది, ధర 399 అయింది. మీకూ వస్తే డబ్బు పంపే ముందు నిచ్చెన పేజీ ఒక్కటి శాంపిల్ అడగండి. అందులో "నాలుగో వంతు" ఉందా, "నాలుగు అడుగులు" ఉందా చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ వాక్యం పెన్నుతో కొట్టేయండి, సైట్లో గోడకి అంటించి ఉంటే చింపేయండి.

మేస్త్రీకి ఆరు వారాల కట్టు వేశారు, ఆసుపత్రి ఖర్చు, కూలీ నేనే ఇస్తున్నాను. చూడ్డానికి వెళ్తే అతను ఒక్కటే అన్నాడు: "నాకప్పుడే అనుమానమొచ్చింది సార్, కానీ మీరు కాగితం చూసి చెప్పారుగా."